దేర్ ఈజా, దేర్ ఆరా? లెక్క తేలకముందే క్రియ చెప్పాల్సి వస్తే

ప్రశ్న: ఆఫీసులో రోజూ ఇంగ్లీషులో మెయిల్స్ రాయాలి. మొన్న ‘దేర్ ఈజ్ మెనీ పీపుల్ ఇన్ ద హాల్’ అని రాస్తే మా మేనేజర్ గారు ‘దేర్ ఆర్’ అని దిద్దారు. సరే అనుకుని, తర్వాత సామాన్ల లిస్టు పంపేటప్పుడు ‘దేర్ ఆర్ ఎ ప్రొజెక్టర్, టూ ఫ్యాన్స్ అండ్ సమ్ ఫర్నిచర్స్ ఇన్ ద రూమ్’ అని రాశాను. ఇప్పుడేమో పక్క సీటు అబ్బాయి అక్కడ ‘దేర్ ఈజ్’ రావాలంటున్నాడు. ఇంగ్లీషు వాళ్ల వీడియోలు చూస్తే ‘దేర్స్ టూ థింగ్స్’ అంటూ దర్జాగా మాట్లాడేస్తున్నారు. ఎవరి మాట వినాలి? దేర్ అని టైప్ చేయగానే టెన్షన్ మొదలవుతోంది.
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ మేనేజర్ గారు దిద్దింది కరెక్టు. పక్క సీటు అబ్బాయి చెప్పిందీ కరెక్టే. వీడియోల్లో వాళ్లు మాట్లాడేదీ వాళ్ల వరకు తప్పు కాదు. మీకు చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ ముగ్గురూ మూడు వేరు వేరు వాక్యాల గురించి చెబుతుంటే మీరు అన్నిటికీ కలిపి ఒకే సూత్రం వెతుకుతున్నారు. ఇంకో మాట. మీ రెండో వాక్యంలో అసలు తప్పు ఈజ్ దగ్గరా లేదు, ఆర్ దగ్గరా లేదు. అది ‘ఫర్నిచర్స్’ దగ్గర ఉంది. దాన్ని మాత్రం ఎవరూ పట్టుకోలేదు! దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ముందు ఒక ప్రశ్న. తెలుగులో మీరు ఎప్పుడైనా ‘హాల్లో చాలామంది ఉంది’ అన్నారా? నిద్రలో లేపి అడిగినా అనరు. ఒక కుర్చీ ఉంది, నాలుగు కుర్చీలు ఉన్నాయి, నలుగురు మనుషులు ఉన్నారు. ఇంగ్లీషు ఈజ్, ఆర్ అని రెండే ముక్కలతో సరిపెట్టుకుంటే, మనం ఉంది, ఉన్నాడు, ఉన్నాయి, ఉన్నారు అని నాలుగు రూపాలు వాడుతూ ఒక్కసారి కూడా తడబడం. అంటే మీకు ఏకవచనం, బహువచనం తెలియక వచ్చిన తప్పు కాదిది.

మరి తప్పు ఎందుకొస్తోంది? తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది. ‘గదిలో ఒక ప్రొజెక్టరు, రెండు ఫ్యాన్లు, కొంత ఫర్నిచరు...’ అని వస్తువులన్నీ చెప్పేసి, మొత్తం ఎన్నయ్యాయో తెలిశాక తీరిగ్గా ‘ఉన్నాయి’ అంటాం. లెక్క తేలాక సంతకం పెట్టినట్టు. ఇంగ్లీషులో దేర్ తో మొదలుపెట్టే వాక్యం దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ సంతకం ముందు పెట్టాలి, లెక్క తర్వాత. మీ నోరు ‘దేర్...’ అనేసరికి మనసులో జాబితా ఇంకా తయారై ఉండదు. తయారయ్యే లోపు నోటికి అలవాటైన ‘ఈజ్’ జారిపోతుంది. ఆ వెనకే ‘మెనీ పీపుల్’ వస్తుంది. తప్పు జరిగాక తెలుస్తుంది, కానీ అప్పటికే మెయిల్ వెళ్లిపోయి ఉంటుంది.

దీనికి తోడు బళ్లో మనకు దేర్ అంటే ‘అక్కడ’ అని నేర్పారు. అది ఒక దేర్. వాక్యం మొదట్లో వచ్చేది ఇంకో దేర్. దీనికి అర్థం లేదు. కర్త ఉండాల్సిన చోటు ఖాళీగా ఉండకుండా కూర్చోబెట్టిన మాట, అంతే. సీటు మీద రుమాలు వేసినట్టు. అసలు కర్త ఈజ్ లేదా ఆర్ తర్వాత వస్తుంది. అందుకే ‘దేర్ ఆర్ మెనీ పీపుల్ దేర్’ అని ఒకే వాక్యంలో రెండు దేర్‌లు హాయిగా ఇముడుతాయి. మొదటిది రుమాలు, రెండోది ‘అక్కడ’. రుమాలుకు ఏకవచనం, బహువచనం ఉండవు కదా. దాన్ని చూసి ఈజ్ పెట్టేస్తే ఎలా? రుమాలు వేసిందెవరో వాళ్లను చూసి క్రియ పెట్టాలి.

ఇక పీపుల్. ఈ మాట చివర ‘స్’ కనపడదు కాబట్టి చాలామందికి ఇది ఏకవచనంలా అనిపిస్తుంది. దీనికి జవాబు తెలుగులోనే ఉంది. ‘జనం’ అనే మాట చూడండి. చివర ‘లు’ లేదు. అయినా ‘జనం ఉన్నారు’, ‘జనం వచ్చారు’ అంటాం. పీపుల్ అచ్చంగా మన జనం లాంటిదే. రూపం ఒంటరిగా కనిపించినా లోపల గుంపు ఉంటుంది. అందుకని ‘దేర్ ఆర్ పీపుల్’, ‘దేర్ ఆర్ మెనీ పీపుల్’, ‘దేర్ వర్ ఎ హండ్రెడ్ పీపుల్’ అన్నిటికీ బహువచనమే. పైగా అక్కడ మెనీ కూడా ఉంది. మెనీ లెక్కపెట్టగలిగే బహువచనాల పక్కనే నిలబడే మాట. దేర్ తర్వాత మెనీ కనిపించిందంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, ఆర్ పెట్టేయొచ్చు. దీనికి నాకు గుర్తున్న మినహాయింపు ఒక్కటే, ‘మెనీ ఎ’. పాతకాలపు ధోరణిలో ‘దేర్ ఈజ్ మెనీ ఎ రీజన్’ అని రాసేవాళ్లు. మెనీ పక్కన ఆ చిన్న ‘ఎ’ ఉంటే ఏకవచనం. ఆఫీసు మెయిల్లో అది మీకు తగలదు లెండి.

మీ తెలుగు చెవిని పనికి పెట్టుకునే ఉపాయం ఒకటి చెబుతాను. దేర్ అని టైప్ చేసే ముందు ఆ మాటను తెలుగులో అనుకోండి. చివర ‘ఉంది’ లేదా ‘ఉన్నాడు’ వస్తే ఈజ్, ‘ఉన్నాయి’ లేదా ‘ఉన్నారు’ వస్తే ఆర్. కుర్చీలు ఉన్నాయి, ఆర్. సందేహం ఉంది, ఈజ్. సందేహాలు ఉన్నాయి, ఆర్. పదింట ఎనిమిది సార్లు ఇది మిమ్మల్ని గట్టెక్కిస్తుంది. మిగిలిన ఆ రెండు సార్లూ మాత్రం నిలువునా ముంచుతుంది, అందుకే అవేమిటో కూడా చెప్పాలి.

ఒకటి, గౌరవం. ‘లోపల మేడమ్ గారు ఉన్నారు’ అంటాం. ఉన్నది ఒక్కరే, క్రియ మాత్రం బహువచనం. ఇంగ్లీషుకు ఈ మర్యాద తెలియదు. ఒక్కరుంటే ఈజే. ‘దేర్ ఈజ్ ఎ డాక్టర్ ఇన్‌సైడ్’ అంటే డాక్టరు గారిని తక్కువ చేసినట్టు కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ‘దేర్ ఆర్ ఎ సీనియర్ ఆఫీసర్ వెయిటింగ్’ అని చీటీ రాసి పంపాను. మనసులో గౌరవం ఉంది, కాగితం మీద తప్పుంది. చీటీ అందుకున్నాయన బయటికొచ్చి ‘ఎంతమంది వచ్చారు?’ అని అడిగాడు.

రెండోది ఇంకా జిత్తులమారిది. తెలుగులో కొన్ని మాటలు పుట్టుకతోనే బహువచనాలు. ‘నీళ్లు’ అలాంటిదే. గ్లాసులో అడుగున చుక్క మిగిలినా ‘నీళ్లు ఉన్నాయి’ అనే అంటాం. ఇంగ్లీషు వాటర్ లెక్కకు లొంగదు, కాబట్టి ‘దేర్ ఈజ్ వాటర్’. అలాగే వార్తలు, సామాన్లు, వివరాలు, సలహాలు. తెలుగులో వీటన్నిటికీ ‘ఉన్నాయి’. ఇంగ్లీషులో న్యూస్, లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ అన్నీ ఈజ్ వెంటే పోతాయి. న్యూస్ చివర ‘స్’ ఉంది కదా అనకండి, అది ముసుగు. ‘దేర్ ఈజ్ గుడ్ న్యూస్’ అనే అనాలి. ఈ జాతిలో ఆఫీసుల్లో ఎక్కువగా దొర్లేవి రెండు, ఎక్విప్‌మెంట్, ఫర్నిచర్. ఈ రెంటికీ చివర ‘స్’ తగిలించడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. ఎందుకంటే మన బుర్రలో అవి ‘పరికరాలు’, ‘సామాన్లు’ అనే మాటల మీద నడుస్తుంటాయి. ఫర్నిచర్ అనేది వస్తువుల పేరు కాదు, వస్తువులన్నీ కలిసిన ముద్ద పేరు. ముద్దను లెక్కపెట్టలేం. విడివిడిగా చెప్పాల్సి వస్తే ‘త్రీ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్’ అనాలి, అప్పుడు పీసెస్ ను లెక్కపెడుతున్నాం కాబట్టి ఆర్ వస్తుంది. ఇదీ మీ రెండో వాక్యంలో ఎవరూ చూడని తప్పు.

ఇప్పుడు మీకూ మీ కొలీగ్ కూ మధ్య నడుస్తున్న గొడవకు వద్దాం. ఈ విషయంలో దీన్ని మించిన మెలిక లేదు, కొంచెం నిదానంగా చూద్దాం.

‘ఎ ప్రొజెక్టర్, టూ ఫ్యాన్స్ అండ్ సమ్ ఫర్నిచర్.’ రుమాలు తీసేసి వాక్యాన్ని తిప్పి రాయండి: ‘ఎ ప్రొజెక్టర్, టూ ఫ్యాన్స్ అండ్ సమ్ ఫర్నిచర్ ఆర్ ఇన్ ద రూమ్.’ ఇక్కడ ఆర్ తప్ప ఇంకేదీ కుదరదు. అండ్ తో కలిపిన వస్తువులు ఒకటికి మించి ఉన్నాయి, క్రియ వాటి తర్వాత వచ్చింది, లెక్క తేలిపోయింది. మీరు ‘దేర్ ఆర్’ అని రాసింది ఈ లెక్క ప్రకారమే. కాబట్టి మీకు వ్యాకరణం రాదని ఎవరూ అనలేరు.

కానీ దేర్ ముందు పెట్టేసరికి వాక్యం నడక మారుతుంది. క్రియ పక్కనే వచ్చే మొదటి వస్తువు ‘ఎ ప్రొజెక్టర్’. ‘దేర్ ఆర్ ఎ...’ అనగానే ఇంగ్లీషు సొంత భాషగా పెరిగిన వాళ్ల చెవిలో ఏదో గరుకుగా తగులుతుంది. ‘ఆర్’ వెనకే ‘ఎ’ రావడం వాళ్లకు ఎదురుదెబ్బ లాంటిది. అందుకని వాళ్లు జాబితా మొత్తాన్ని చూడకుండా, క్రియకు ఎదురుగా ఉన్న మొదటి వస్తువును చూసి ‘దేర్ ఈజ్ ఎ ప్రొజెక్టర్, టూ ఫ్యాన్స్ అండ్ సమ్ ఫర్నిచర్’ అంటారు. మీ కొలీగ్ చెప్పింది ఇదే. ఇది బద్ధకం కాదు, వ్యాకరణ పండితులు గుర్తించిన దారే. 1985లో రాండాల్ఫ్ క్వర్క్, ఇంకో ముగ్గురు కలిసి తెచ్చిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణంలో క్రియ పొందిక మూడు రకాలుగా కుదురుతుందని వివరించారు. మాట రూపాన్ని బట్టి ఒకటి, దాని అర్థాన్ని బట్టి ఒకటి, దగ్గరలో ఏ మాట ఉందో దాన్ని బట్టి మరొకటి. మీరు మొదటి దారిలో వెళ్లారు, ఆ అబ్బాయి మూడో దారిలో వెళ్లాడు. దేర్ తో మొదలయ్యే జాబితాల్లో మూడో దారికి మొగ్గు ఎక్కువ.

జాబితాలో అన్నీ ఒక్కొక్కటే ఉన్నా ఇంతే. ‘దేర్ ఈజ్ ఎ టేబుల్, ఎ చెయిర్ అండ్ ఎ ల్యాంప్’ అనేదే చెవికి సాఫీగా ఉంటుంది. ‘దేర్ ఆర్ ఎ టేబుల్, ఎ చెయిర్ అండ్ ఎ ల్యాంప్’ అని పట్టుబట్టే వాళ్లూ ఉన్నారు. పరీక్షలకు చదివే వాళ్లకు చిక్కొచ్చేది ఇక్కడే, ఎందుకంటే కొన్ని ఆన్సర్ కీలు అండ్ కనిపిస్తే ఆర్ అంటాయి, కొన్ని దగ్గరి మాటను చూడమంటాయి. ఆ పరీక్షకు ఇంతకుముందు ఇచ్చిన కీ చూసుకుని దాని దారిలో పోవడమే క్షేమం. కానీ మీరు రాసేది పరీక్ష కాదు, మెయిల్. మెయిల్లో మీకు ఇంకో వెసులుబాటు ఉంది. జాబితా వరసను మార్చుకోవచ్చు!

నేనైతే చేసేది ఇదే. బహువచనంలో ఉన్న వస్తువును ముందుకు లాగుతాను. ‘దేర్ ఆర్ టూ ఫ్యాన్స్, ఎ ప్రొజెక్టర్ అండ్ సమ్ ఫర్నిచర్ ఇన్ ద రూమ్.’ దీన్ని మీ మేనేజర్ గారూ దిద్దలేరు, పక్క సీటు అబ్బాయీ దిద్దలేడు. మొత్తం లెక్క చూసినా ఆర్, పక్కనున్న మాట చూసినా ఆర్. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. వస్తువుల వరసకు ప్రాముఖ్యం లేని ప్రతి చోటా ఇలా తిప్పేయొచ్చు. ప్రొజెక్టరే ముఖ్యం, అదే ముందు రావాలి అనుకుంటే నిస్సంకోచంగా దేర్ ఈజ్ పెట్టండి. లేదా దేర్ నే తీసేయండి: ‘ద రూమ్ హ్యాజ్ ఎ ప్రొజెక్టర్, టూ ఫ్యాన్స్ అండ్ సమ్ ఫర్నిచర్.’ ఇక్కడ క్రియ రూమ్ ను చూస్తుంది, గది ఒక్కటే, గొడవే లేదు. సామాన్ల లిస్టు లాంటి వాటికి నాకు దీనికన్నా నచ్చే వాక్యం లేదు.

జాబితా ముందు ఒక మూటలాంటి మాట పెడితే మాత్రం ఆ మాటే పెద్ద. ‘దేర్ ఆర్ త్రీ ప్రాబ్లమ్స్: ఎ లీక్, ఎ బ్రోకెన్ స్విచ్ అండ్ ఎ మిస్సింగ్ కీ.’ ఇక్కడ క్రియ పక్కనున్నది ప్రాబ్లమ్స్. తర్వాత అన్నీ ఒక్కొక్కటే వచ్చినా ఆర్ మారదు. మీరు పాయింట్లుగా విడగొట్టి రాసే మెయిల్స్ అన్నిటికీ ఇది బాగా నప్పుతుంది.

మనుషులూ వస్తువులూ కలిసిన జాబితా వస్తే ఏం చేయాలని మీకు అనిపించి ఉంటుంది. నిజానికి ఈ విషయంలో ఇంగ్లీషు మనకంటే నయం. తెలుగులో ‘గేటు దగ్గర ఒక మనిషి, రెండు కుక్కలు...’ అని మొదలుపెట్టి చివర ఏమనాలి? ఉన్నాయి అంటే మనిషిని కుక్కల్లో కలిపినట్టు ఉంటుంది. ఉన్నారు అంటే కుక్కలకు మర్యాద ఎక్కువైనట్టు ఉంటుంది. చివరికి ‘ఒక మనిషి ఉన్నాడు, రెండు కుక్కలున్నాయి’ అని వాక్యాన్ని రెండు ముక్కలు చేసి బయటపడతాం. ఇంగ్లీషులో ఆ బాధ లేదు, ‘దేర్ ఈజ్ ఎ మ్యాన్ అండ్ టూ డాగ్స్ ఎట్ ద గేట్’ అని ఊరుకోవచ్చు, లేదా కుక్కల్ని ముందుకు తెచ్చి ఆర్ అనొచ్చు. ముక్కలు చేసే పద్ధతి మాత్రం అక్కడా పనికొస్తుంది: ‘దేర్ ఈజ్ ఎ ప్రొజెక్టర్, అండ్ దేర్ ఆర్ టూ ఫ్యాన్స్.’ జాబితా పొడుగైనప్పుడు చదివే వాళ్లకూ ఇదే తేలిక.

వీడియోల్లో విన్న ‘దేర్స్ టూ థింగ్స్’ సంగతి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న వాళ్లు మాట్లాడేటప్పుడు ఇది బాగా వాడతారు, చదువుకున్న వాళ్లు కూడా. వాళ్ల నోట్లో దేర్స్ రెండు మాటల కలయికగా ఉండదు, ఒకే ముద్దగా అరిగిపోయి, వాక్యం మొదలుపెట్టడానికి వాడే ముక్కలా తయారైంది. దేర్ ఆర్ ను అలా కుదించాలంటే ‘దేర్‌అర్’ అని ర పక్కన ర తో నాలుక మెలిపెట్టాలి. అందుకే నోరు దేర్స్ వైపు జారింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అదే మనిషి కుదించకుండా విడదీసి ‘దేర్ ఈజ్ టూ థింగ్స్’ అని సాధారణంగా అనడు. మనవాళ్లు వినేది దేర్స్, రాసేది దేర్ ఈజ్. విన్నదాన్ని విడదీసి కాగితం మీద పెట్టేసరికి మాటల్లో చెల్లిన నాణెం రాతలో చెల్లకుండా పోతుంది. ఫోన్లో స్నేహితురాలితో దేర్స్ టూ థింగ్స్ అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. మెయిల్లో మాత్రం ‘దేర్ ఆర్ టూ థింగ్స్’ అనే రాయండి.

పాతకాలంలో ఈ పట్టింపు ఇంత లేదు. షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ నాటకంలో బ్రూటస్ చెప్పే మాటల్లో ‘దేర్ ఈజ్ టియర్స్’ అని వస్తుంది, దాని వెనక ఒక జాబితా కూడా ఉంటుంది. 1623లో అచ్చయిన ప్రతిలో అలాగే ఉంది. టియర్స్ కన్నీళ్లు, బహువచనం. మీ మేనేజర్ గారితో వాదించడానికి ఇది పనికొస్తుందని మాత్రం అనుకోకండి.

మీరు అడగలేదు కానీ మెనీ పీపుల్ పక్కనే ఇంకో గుంట ఉంది, అందులో కూడా పడతారేమోనని చెబుతున్నాను. మెనీ బదులు ‘ఎ లాట్ ఆఫ్’ రాస్తే ఏమవుతుంది? అక్కడ ‘ఎ’ కనిపిస్తుంది కాబట్టి చెయ్యి ఈజ్ వైపు పోతుంది. కానీ లాట్ అనేది ఒక వస్తువు కాదు, ‘బోలెడు’ అని చెప్పే కొలత మాత్రమే. క్రియ దాన్ని దాటుకుని ఆఫ్ తర్వాతి మాటను చూస్తుంది. ‘దేర్ ఆర్ ఎ లాట్ ఆఫ్ పీపుల్’, ‘దేర్ ఈజ్ ఎ లాట్ ఆఫ్ వాటర్’. ‘ఎ నంబర్ ఆఫ్’, ‘ఎ కపుల్ ఆఫ్’ కూడా ఇంతే, వాటి వెనక ఎప్పుడూ బహువచనమే వస్తుంది కాబట్టి ఆర్. అయితే ‘ఎ లిస్ట్ ఆఫ్ నేమ్స్’ అంటే ఈజ్. ఎందుకూ? లిస్టును చేత్తో పట్టుకోవచ్చు, మడిచి జేబులో పెట్టుకోవచ్చు. అది నిజంగా ఒక వస్తువు. ‘ఎ పెయిర్ ఆఫ్ షూస్’, ‘ఎ సెట్ ఆఫ్ కీస్’ కూడా అలాంటివే. అనుమానం వస్తే ఆ మాట తీసి దాని స్థానంలో మెనీ పెట్టి చూడండి. ‘ఎ లాట్ ఆఫ్ పీపుల్’ తీసి ‘మెనీ పీపుల్’ అంటే అర్థం మారలేదు, కాబట్టి ఆర్. ‘ఎ లిస్ట్ ఆఫ్ నేమ్స్’ తీసి ‘మెనీ నేమ్స్’ అంటే లిస్టే మాయమైపోయింది, కాబట్టి ఈజ్.

టైమ్ విషయంలో మాత్రం ఇంగ్లీషూ తెలుగూ ఒకేలా అల్లరి చేస్తాయి. ‘ఇంకా పది నిమిషాలు ఉంది’ అని మనమే అంటాం కదా. నిమిషాలు పదైనా మనసులో అది ఒక్క వ్యవధి. ఇంగ్లీషులో కూడా ‘దేర్ ఈజ్ ఓన్లీ టెన్ మినిట్స్ లెఫ్ట్’ అని వినిపిస్తుంది, క్వర్క్ వాళ్లు చెప్పిన రెండో దారి ఇది, అర్థాన్ని బట్టి పోవడం. రాతలో ఆర్ పెట్టినా ఎవరూ తప్పు పట్టరు, నేను ఆరే పెడతాను.

ఇదంతా ఈజ్, ఆర్ దగ్గరే ఆగదు. నిన్నటి సంగతైతే వాజ్, వర్. ‘ఉంటూ వచ్చాయి’ అనే భావమైతే హ్యాజ్ బీన్, హ్యావ్ బీన్. ‘దేర్ హ్యాజ్ బీన్ మెనీ కంప్లైంట్స్’ అని చాలా మెయిల్స్ లో చూస్తుంటాను. దేర్ కూ కంప్లైంట్స్ కూ మధ్య దూరం పెరిగింది కాబట్టి తప్పు ఇంకా సులువుగా దాక్కుంటుంది. అక్కడ హ్యావ్ ఉండాలి. ప్రశ్న అడిగేటప్పుడు క్రియ ఇంకా ముందుకు, వాక్యానికి మొదటి మాటగా వస్తుంది, కాబట్టి అప్పుడు ఇంకాస్త ముందే ఆలోచించుకోవాలి: ‘ఆర్ దేర్ ఎనీ క్వశ్చన్స్?’, ‘ఈజ్ దేర్ ఎనీ ఇన్ఫర్మేషన్?’ విల్ బీ, మస్ట్ బీ, మే బీ లాంటివైతే ఒక్కటైనా వందైనా మారవు. ‘దేర్ విల్ బీ మెనీ పీపుల్’, ‘దేర్ విల్ బీ ఎ ప్రొజెక్టర్’. రేపటి మీటింగ్ గురించి రాసేటప్పుడు మీకు ఏ టెన్షన్ లేకపోవడానికి కారణం ఇదే, మీరు గమనించి ఉండరు.

మాట్లాడేటప్పుడు మాత్రం వెనక్కి వెళ్లి దిద్దుకోవడం ఉండదు. అప్పుడు నేను చేసేది చిన్న మోసం. దేర్ అనేసి అరక్షణం సాగదీస్తాను. ఆ అరక్షణంలో జాబితా మొత్తం అక్కర్లేదు, మొదటి వస్తువు ఏమిటో తేల్చుకుంటే చాలు. అది ఒకటా, ఒకటికి మించా? అంతే. మిగతావి ఈజ్ లేదా ఆర్ పడ్డాక ఒక్కొక్కటిగా తీరిగ్గా గుర్తు చేసుకోవచ్చు.

మీ రెండు వాక్యాలూ నేను రాసి ఉంటే ఇలా రాసేదాన్ని. మొదటిది: ‘దేర్ ఆర్ మెనీ పీపుల్ ఇన్ ద హాల్.’ రెండోది: ‘దేర్ ఆర్ టూ ఫ్యాన్స్, ఎ ప్రొజెక్టర్ అండ్ సమ్ ఫర్నిచర్ ఇన్ ద రూమ్.’ ఫర్నిచర్ అంటే ఏమేమిటో అవతలి వాళ్లకు తెలియాలంటే అది కూడా విడగొట్టండి: ‘దేర్ ఆర్ సిక్స్ చెయిర్స్, టూ ఫ్యాన్స్, ఎ టేబుల్ అండ్ ఎ ప్రొజెక్టర్ ఇన్ ద రూమ్.’ ఎక్కువున్నవి ముందు, ఒంటరివి వెనక. పక్క సీటు అబ్బాయికి ఈ మెయిల్ ఒక కాపీ పెట్టి, ఇంకా దేర్ ఈజ్ అనాలంటాడేమో అడిగి చూడండి.